తూకం సరిపోయిన వాచీ కూడా నకిలీ కావచ్చు

బల్ల మీది కాటా 151 గ్రాములు చూపించగానే మా బావగారి మొహం వెలిగిపోయింది. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోలెక్స్ సబ్‌మెరీనర్ అది. మోడల్ నంబరు 116610. నల్ల డయల్, దాని చుట్టూ తిరిగే వలయం అంటే బెజెల్ నల్ల సిరామిక్‌ది, తేదీ ఉన్న రకం. అమ్మినాయన పెట్టె, వారంటీ కార్డు కూడా పంపాడు. ఐదు రోజుల్లోపు తిరిగి పంపితే డబ్బు వాపసు అనే షరతు ఉంది. ఈ మోడల్ అన్ని లింకులతో కలిపి సుమారు 155 గ్రాములు తూగుతుందని బావగారు ముందే తెలుసుకున్నారు. పాత యజమాని తన మణికట్టుకు సరిపోయేలా రెండు లింకులు తీయించాడు. లింకు ఒక్కోటి రెండు, రెండున్నర గ్రాములు ఉంటుంది. లెక్క చక్కగా కుదిరింది. "బరువు కరెక్ట్‌గా ఉంది కదా, ఇంక టెన్షన్ లేదు" అన్నారు.

నాలుగో రోజు ఆ వాచీని వెనక్కి పంపేశాం. అది నకిలీ.

ఆ నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో ఖరీదైన వాచీ కొనేవాళ్లకి బరువు చూడండి, సెకన్ల ముల్లు చూడండి, ఫినిషింగ్ చూడండి అని అందరూ చెబుతారు. మూడూ చూడాల్సినవే. కాకపోతే ఈ పరీక్షల్లో ఏదైనా తప్పితే వాచీని అనుమానించవచ్చు కానీ, నెగ్గినంత మాత్రాన అసలుదని చెప్పలేం. మా బావగారు పొరబడింది సరిగ్గా ఇక్కడే. ఒక్క పరీక్ష నెగ్గగానే ఆయన తీర్పు చెప్పేసుకున్నారు.

కాటా చెప్పేది, చెప్పనిది

నకిలీ వాచీ తేలిగ్గా ఉంటుందన్న మాట ఒకప్పుడు చాలావరకు నిజం. అప్పట్లో చౌక నకళ్లకి పల్చటి రేకు మడిచి చేసిన లింకులు, పూత పూసిన చవక లోహపు కేస్, లోపల బ్యాటరీతో నడిచే చిన్న మెషిన్ ఉండేవి. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయేది. ఇప్పటికీ ఆ తరహా వాచీలు అమ్ముతున్నారు. వాటిని పట్టుకోవడానికి కాటా చాలు. 116610 అని చెప్పి అమ్మే వాచీ అన్ని లింకులతో 120 గ్రాములే తూగితే ఇంకేమీ చూడక్కర్లేదు.

ఇప్పుడు ఫస్ట్ కాపీ పేరుతో వచ్చేవి వేరు. వాటికి నిజమైన స్టెయిన్‌లెస్ స్టీలునే కోసి కేస్ చేస్తారు, లింకులు కూడా గట్టివే పెడతారు. రోలెక్స్ వాడేది 904ఎల్ రకం స్టీలు. మిగతా వాచీల్లో ఎక్కువగా కనిపించేది 316ఎల్. ఉప్పునీటికి తుప్పు పట్టకుండా ఉండటంలో ఈ రెండింటికీ తేడా ఉంది. సాంద్రతలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ ఘన సెంటీమీటరుకి సుమారు 8 గ్రాములే. అంటే అదే కొలతలతో 316ఎల్‌లో కేస్ కోసినా ఇంట్లో వాడే కాటా దాన్ని గుర్తుపట్టలేదు. "904ఎల్ స్టీలు కాబట్టే బరువుగా ఉంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాటకి అర్థం లేదు.

బరువు విషయంలో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. దానివల్ల అసలు వాచీలకే నకిలీ అన్న పేరు వస్తుంది. 116610 కంటే ముందు వచ్చిన సబ్‌మెరీనర్ 16610. దాని బ్రేస్‌లెట్‌లో మధ్య లింకులు లోపల బోలుగా ఉంటాయి. అప్పట్లో కంపెనీయే అలా చేసింది. కొత్తదాన్ని పెట్టుకోవడం అలవాటైనవాళ్లకి పాతది చేతిలోకి రాగానే బొమ్మ వాచీలా తేలిగ్గా అనిపిస్తుంది. కాబట్టి బరువు పోల్చాలంటే అదే మోడల్ నంబరు, అదే బ్రేస్‌లెట్, అన్నే లింకులు ఉన్న వాచీతో పోల్చాలి. సబ్‌మెరీనర్ ఇంత ఉండాలి అని ఒకే అంకె పట్టుకుని కూర్చుంటే పనికిరాదు.

బంగారు వాచీల దగ్గరికి వస్తే కాటా విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. 18 క్యారెట్ల బంగారం సాంద్రత 15 నుంచి 16 మధ్య ఉంటుంది, స్టీలుకి దాదాపు రెట్టింపు. అదే ఆకారంలో స్టీలు కేస్ చేసి పైన బంగారు పూత పూస్తే లోహపు భాగాల బరువు సగానికి పడిపోతుంది. చేతిలో పట్టుకుంటేనే తెలిసేంత తేడా అది. అందుకే బంగారు వాచీల నకిలీలు చేసేవాళ్లు టంగ్‌స్టన్ వాడతారు. దాని సాంద్రత 19 పైనే, అంటే బంగారం మిశ్రమం కంటే ఎక్కువ. కేస్ లోపల, లింకుల లోపల టంగ్‌స్టన్ ముక్కలు దాచి మొత్తం బరువు సరిచేస్తారు. మొత్తం తూకం సరిపోయినా బరువు ఉండాల్సిన చోట ఉండదు. బ్రేస్‌లెట్ విప్పి వాచీ తలని, బ్రేస్‌లెట్‌ని, ఒక విడి లింకుని వేరువేరుగా తూచి అసలు వాచీ అంకెలతో పోలిస్తే అది బయటపడే అవకాశం ఉంది. ఎక్స్‌రేతో లోహాన్ని పరీక్షించే యంత్రం కూడా ఉపరితలం దగ్గరి పొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే ఆ యంత్రం కూడా "బంగారమే" అంటుంది.

మాది స్టీలు వాచీ. 151 గ్రాములు అని కాటా చెప్పినదాంట్లో ఉన్న సమాచారం ఒక్కటే: ఇది రేకు లింకుల చౌక నకలు కాదు. అంతకుమించి ఏమీ కాదు.

మూత తెరవకుండా మెషిన్‌ని అడగడం

వాచీల వాళ్లు మూవ్‌మెంట్‌ని మెషిన్ అనే అంటారు, నేనూ అదే మాట వాడతాను. 116610 మోడల్ 2010 నుంచి 2020 దాకా వచ్చింది. దాంట్లో ఉండేది 3135 అనే మెషిన్. 1988లో వచ్చిన ఆ డిజైన్ గురించి మెకానిక్‌లకి తెలియనిది లేదు. అది గంటకి 28,800 సార్లు కొట్టుకుంటుంది. సెకనుకి ఎనిమిది. అందుకే సెకన్ల ముల్లు జారుతున్నట్టు కనిపిస్తుంది కానీ నిజానికి సెకనుకి ఎనిమిది చిన్న అడుగులు వేస్తుంది.

చౌక ఆటోమేటిక్ మెషిన్లు చాలావరకు గంటకి 21,600 కొట్టుకుంటాయి. అంటే సెకనుకి ఆరు అడుగులు. ఆరుకీ ఎనిమిదికీ తేడా కంటితో పట్టుకోవడం అలవాటు లేనివాళ్లకి కష్టం. ఫోన్‌లోని స్లో మోషన్ దీనికి బాగా పనికొస్తుంది. సెకనుకి 240 ఫ్రేములతో వీడియో తీసి ఫ్రేము తర్వాత ఫ్రేము జరిపి చూడాలి. 28,800 మెషిన్ అయితే ముల్లు ప్రతి 30 ఫ్రేములకి ఒక అడుగు వేస్తుంది. 21,600 అయితే 40 ఫ్రేములు పడుతుంది. మా వీడియోలో సరిగ్గా 30 వచ్చింది. బావగారు మళ్లీ సంతోషించారు.

నాకు మాత్రం అప్పుడే అనుమానం ఎక్కువైంది. ఎందుకంటే 28,800 అనేది రోలెక్స్ సొంత ఆస్తి కాదు. ఈటీఏ అనే స్విస్ కంపెనీ 2824 అనే మెషిన్‌ని ఏళ్ల తరబడి ఎన్నో బ్రాండ్లకి సరఫరా చేసింది. దాని వేగం కూడా 28,800. ఆ డిజైన్‌ని ఇప్పుడు వేరే కంపెనీలు కూడా చవగ్గా తయారు చేస్తున్నాయి. మంచి నకళ్లలో దాని వారసులే ఎక్కువ. ముల్లు నడకతో వాటిని పట్టుకోలేం. 3135ని భాగం భాగంగా అనుకరించిన మెషిన్లు కూడా ఉన్నాయి, వాటి వేగం కూడా ఇంతే.

కాబట్టి ఇంకో ప్రశ్న వేశాం. పూర్తిగా కీ ఇస్తే ఎంతసేపు నడుస్తుంది? 3135 సుమారు 48 గంటలు నడుస్తుంది. 2824 తరహా మెషిన్ 38 గంటల చుట్టుపక్కల ఆగిపోతుంది. పది గంటల తేడా అంటే చిన్న తేడా కాదు, కొలవడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. కీ ఇచ్చే పిడి అంటే క్రౌన్ మర విప్పి నలభై చుట్లు కీ ఇచ్చి, మళ్లీ బిగించి, డయల్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టాం. రాత్రి ఎనిమిదికి మొదలైంది. మర్నాడంతా గడిచి మూడో రోజు పొద్దున్న పదకొండు దాటాక చూస్తే ముల్లు నడుస్తోంది. పావుగంట తర్వాత చూస్తే ఆగిపోయి ఉంది. వాచీ చూపిస్తున్న టైము 11:20. అంటే 39 గంటల 20 నిమిషాలు.

ఇది గట్టి అనుమానమే, రుజువు మాత్రం కాదు. ఏడెనిమిదేళ్లు సర్వీసు లేకుండా తిరిగిన అసలు 3135లో నూనె ఎండిపోతుంది, అది కూడా 40 గంటలకే ఆగిపోవచ్చు. అమ్మినాయన ఈ మాట అంటే మన దగ్గర జవాబు ఉండదు. ఫోన్ చేస్తే అదే అన్నాడు కూడా, "సర్వీసుకి వచ్చిందండీ, అంతే."

ఆ మధ్యాహ్నమే వాచీని ముప్పై ఏళ్లుగా స్విస్ వాచీలు సర్వీసు చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మూత తెరవకముందే వాచీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపారు. తర్వాత టైమింగ్ మెషిన్ మీద పెట్టారు. అది వాచీ టిక్ టిక్‌ని మైకుతో విని రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో, అటూ ఇటూ ఊగుతూ వేగాన్ని నిలబెట్టే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందో చూపిస్తుంది. డయల్ పైకి పెడితే రోజుకి 14 సెకన్లు ముందుకి, క్రౌన్ కిందికి పెడితే 9 సెకన్లు వెనక్కి పోతోంది. రెండు భంగిమల మధ్య 23 సెకన్ల తేడా. స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కి మెషిన్ సగటున రోజుకి 4 సెకన్ల వెనక నుంచి 6 సెకన్ల ముందు దాకా మాత్రమే తప్పొచ్చు. 2015 నుంచి రోలెక్స్ తన వాచీలకి పెట్టుకున్న హద్దు ఇంకా ఇరుకు, అటు 2, ఇటు 2.

"ఇది బాగాలేదు. కానీ దీన్ని బట్టి నకిలీ అనను" అన్నారాయన. సర్వీసు లేని అసలు వాచీ కూడా ఇలా తప్పగలదు. దీనికి ఎదురు మాట కూడా నిజమే. 2824 తరహా నకలు మెషిన్‌ని ఓపిగ్గా సర్దితే రోజుకి రెండు మూడు సెకన్ల తేడాతో బ్రహ్మాండంగా నడుస్తుంది. టైము కరెక్ట్‌గా చూపిస్తోంది కాబట్టి అసలుదే అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి టైము మంచి సర్దుబాటుకి గుర్తు, పుట్టుకకి కాదు.

మూత తీశాక

పెద్దాయన వెనక మూత తిప్పి తీశారు. లోపల చూడగానే బావగారు "చూశారా" అన్నారు. చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగే రోటర్ పైన ఉంది, దాని మీద రోలెక్స్ పేరు చెక్కి ఉంది. దాని పక్కన ఎర్రటి చక్రాలు రెండు మెరుస్తున్నాయి. 3135 ఫోటోల్లో మొదట కంటికి కనిపించేది ఆ ఎర్ర చక్రాలే. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగుకి కీ ఎక్కేలా చేసేది అవే. బ్యాలెన్స్ చక్రం మీదుగా రెండు వైపులా మరలతో బిగించిన వంతెన కూడా ఉంది. 3135కి అది గుర్తు. చాలా మెషిన్లలో బ్యాలెన్స్‌ని ఒక వైపు నుంచే పట్టి ఉంచుతారు, 2824లో కూడా అంతే.

ఆన్‌లైన్ అమ్మకందారు మెషిన్ ఫోటో పంపితే మనం సంతోషించేది ఈ దృశ్యం చూసే. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఫోటోలో కనిపించేవి పోలికలు, అవి పని చేస్తున్నాయో లేదో ఫోటో చెప్పదు.

పెద్దాయన కంట్లో భూతద్దం పెట్టుకుని రోటర్ మధ్యభాగం చూపించారు. మధ్యలో చుట్టూ సన్నటి ఉక్కు గుళ్లు కనిపిస్తున్నాయి. అంటే రోటర్ బాల్ బేరింగ్ మీద తిరుగుతోంది. 3135లో బాల్ బేరింగ్ ఉండదు. రోటర్‌కి సన్నటి ఇరుసు ఉంటుంది, అది రాళ్ల మధ్య తిరుగుతుంది. తర్వాత వచ్చిన 3235లో రోలెక్స్ బాల్ బేరింగ్‌కి మారింది కానీ 116610లో 3235 రాలేదు. ఇందాక చెవి దగ్గర పెట్టుకుని ఊపినప్పుడు ఆయన వింటున్నది దాని గురించేనట. బేరింగ్ మీద తిరిగే రోటర్ గరగరమంటూ సన్నటి చప్పుడు చేస్తుంది.

తర్వాత ఒక చిన్న చెక్కపుల్లతో రోటర్‌ని మెల్లగా తిప్పారు. ఎర్ర చక్రాలు కదల్లేదు. రోటర్ తిరుగుతుంటే అవి తిరగాలి, వాటి పనే అది. ఇవి రంగు వేసి పై పలకలో కూర్చోబెట్టిన అలంకారం మాత్రమే. అసలు పని చేసే చక్రాలు వాటి కింద, వేరే చోట ఉన్నాయి.

ఇక మూడోది బ్యాలెన్స్. 3135లో వేగం సర్దడానికి చక్రం అంచు లోపలివైపు నాలుగు చిన్న బంగారు నట్లు ఉంటాయి. వాటిని లోపలికో బయటికో తిప్పితే చక్రం వేగం మారుతుంది. చక్రాన్ని వెనక్కి లాగే సన్నటి స్ప్రింగుని హెయిర్‌స్ప్రింగ్ అంటారు, దాన్ని పట్టుకుని పొడవు మార్చే మీట అందులో ఉండదు. మా వాచీలో చక్రానికి నాలుగు నట్లలాంటివి ఉన్నాయి. కానీ వంతెన కింద, పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే, హెయిర్‌స్ప్రింగ్‌ని పట్టుకున్న మీట కూడా ఉంది. పైన ఉన్న పెద్ద వంతెన దాన్ని దాచడానికే పెట్టినట్టుంది. ఒక వాచీకి వేగం సర్దే ఏర్పాట్లు రెండు అక్కర్లేదు. ఆ నట్లు చక్రంతో కలిపి పోత పోసిన బొడిపెలు, అవి తిరగవు కూడా.

చివరిగా ఆయన మెషిన్ అంచుని చూపించారు. 3135 వ్యాసం 28.5 మిల్లీమీటర్లు. 2824 వ్యాసం 25.6. మధ్యలో మిగిలే ఖాళీని నింపడానికి నకిలీల్లో ఒక ఉంగరం పెడతారు. చౌకవాటిలో అది ప్లాస్టిక్‌ది. ఇక్కడ మందపాటి లోహపు ఉంగరం పెట్టి, పైనుంచి అలంకారపు పలకతో కప్పేశారు. 151 గ్రాముల లెక్క అంత చక్కగా కుదరడంలో ఆ ఉంగరానికి కూడా వాటా ఉంది.

ఇప్పుడు అది నకిలీ అని ఆయన ధైర్యంగా అన్నారు. సర్వీసు లేకపోవడం వల్ల ఇరుసు బాల్ బేరింగ్‌గా మారిపోదు కదా. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని సెకన్లు తప్పింది అన్నవి మెషిన్ ఆరోగ్యం చెబుతాయి. మెషిన్ ఎలా కట్టారన్నదే అది ఎక్కడ పుట్టిందో చెబుతుంది. 3135ని ఇంకా దగ్గరగా అనుకరించిన నకళ్లలో ఎర్ర చక్రాలు నిజంగానే తిరుగుతాయి, అలాంటి చోట ఇంత తేలిగ్గా దొరకదు. అప్పుడు విడి భాగాలు తీసి అసలువాటి పక్కన పెట్టి చూడాల్సి వస్తుంది. అది కొనేవాళ్లు చేసే పని కాదు, మెకానిక్ చేయాలి.

ఫినిషింగ్ ఎక్కడ చూడాలి

ఫినిషింగ్‌ని చివరికి వదిలేశానని అది చిన్న విషయం అనుకోవద్దు. ఆన్‌లైన్‌లో వాచీ చేతికి రాకముందే ఫోటోల్లో ఎక్కువగా చూడగలిగేది అదే. కాకపోతే కనిపించేదాన్ని చదవడం అలవాటు కావాలి.

ఈ మోడల్ కేస్‌కి బ్రేస్‌లెట్ తగిలే చెవులు పైన గీతల ఫినిష్‌తో, పక్కల అద్దంలాంటి పాలిష్‌తో ఉంటాయి. రెండూ కలిసే అంచు ఒకే గీతలా, చివరిదాకా తెగకుండా సాగాలి. పైనున్న గీతలన్నీ ఒకే దిశలో ఉండాలి. నకిలీలో ఆ అంచు చెవి చివరికి వచ్చేసరికి మెత్తబడి కరిగిపోయినట్టు ఉంటుంది, లేదా గీతలు పాలిష్ వైపుకి జారి ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. అసలు వాచీకి ఎవరో అజాగ్రత్తగా రెండు మూడుసార్లు పాలిష్ పట్టించినా అంచు ఇలాగే కరిగిపోతుంది. అందుకని కేస్ పైభాగం కంటే ఎవరూ పాలిష్ పట్టించని చోట్లు చూడటం మేలు. లింకుల లోపలి పక్కలు, బ్రేస్‌లెట్‌ని బిగించే క్లాస్ప్ లోపలి భాగం, చెవుల మధ్య బ్రేస్‌లెట్ కూర్చునే చోటు అలాంటివి. డబ్బు ఆదా చేసేవాళ్లు ముందు ఆదా చేసేది అక్కడే. మా వాచీ క్లాస్ప్ లోపల పొడవు సర్దే పళ్ల అంచుల్లో కోత గుర్తులు అలాగే ఉన్నాయి. వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది. అసలుదాంట్లో ఆ పళ్లు ఒక్కోటి రెండు మిల్లీమీటర్ల చొప్పున, ఒకేలాంటి బిగువుతో జరుగుతాయి.

తర్వాత బెజెల్ అంకెలు. 116610లో సిరామిక్‌లో చెక్కిన గుంటల్లో పల్చటి ప్లాటినం పొర ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే అది సన్నటి ఇసుకలా, వెండి రంగులో కనిపిస్తుంది. నకిలీల్లో చాలావాటికి గుంటలో రంగు నింపుతారు. రంగు నునుపుగా ఉంటుంది, అంచుల దగ్గర కొంచెం పొంగి ఉంటుంది. ఫోటోలో రెండూ తెల్లగా కనిపించవచ్చు కానీ పక్కనుంచి వెలుతురు పడితే ప్లాటినం లోహంలా మెరుస్తుంది, రంగు మెరవదు.

తేదీ మీది చిన్న అద్దం తేదీని రెండున్నర రెట్లు పెద్దది చేయాలి. తేదీ అంకె కిటికీని దాదాపు నింపేస్తుంది. అంకె చుట్టూ ఖాళీ ఎక్కువ కనిపిస్తే అనుమానించాలి. గాజు మీద 6 దగ్గర లేజర్‌తో చుక్కలు చుక్కలుగా వేసిన కిరీటం గుర్తు చాలా చిన్నది, సరైన కోణంలో వెలుతురు పడితేనే కనిపిస్తుంది. మా వాచీలో అది మామూలుగా చూసినా కనిపించేసింది. ఇలాంటివి నకిలీ చేసేవాళ్లకి కూడా తెలుసు, అందుకే కొనేవాళ్లు వెతుకుతారని కాస్త గట్టిగానే వేస్తారు. డయల్ చుట్టూ లోపలి వలయం మీద రోలెక్స్ పేరు చెక్కి ఉంటుంది, 6 దగ్గర సీరియల్ నంబరు ఉంటుంది. అసలుదాంట్లో ఆ చెక్కుడుకి లోతు ఉంటుంది, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. నకిలీలో గీసినట్టు పైపైన, కొంచెం మసకగా ఉంటుంది. ఇక ఆ నంబరు కార్డు మీది నంబరుతో కలిసిందన్న మాటకి పెద్ద విలువ ఇవ్వలేం. ఎక్కడో ఉన్న నిజమైన వాచీ నంబరు చూసి వలయం మీద చెక్కడం, కార్డు మీద వేయడం కష్టమేమీ కాదు. మాదాంట్లో రెండు నంబర్లూ చక్కగా కలిశాయి.

డబ్బు పంపకముందు

ఇదంతా తెలిశాక అమ్మేవాళ్లని ఏమడగాలో తేలిగ్గా తెలుస్తుంది. అలంకరించి తీసిన ఫోటోలు వద్దు. ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, కాటా సున్నా చూపించిన దగ్గర నుంచి వాచీ పెట్టి తూచేదాకా ఒకే వీడియో అడగాలి. ఎన్ని లింకులు ఉన్నాయో లెక్కపెట్టగలిగేలా బ్రేస్‌లెట్ కనిపించాలి. స్లో మోషన్‌లో సెకన్ల ముల్లు, క్లాస్ప్ లోపలి భాగం, బెజెల్ అంకెలు పక్క వెలుతురులో దగ్గరగా తీయమనాలి. వాచీ సర్వీసుకి వచ్చిందని ముందే చెబితే, టైము తేడాల్ని దాని ఖాతాలో వేసేసుకోకుండా మూత తీసి చూసే వీలు ఉందో లేదో అడగాలి.

మూత తీయించి రోటర్ తిప్పుతూ వీడియో తీయమంటే చాలామంది ఒప్పుకోరు. నీరు లోపలికి పోకుండా ఉండే రబ్బరు వలయం పాడవుతుందంటారు. ఆ భయం నిజమైనదే, మూత తీశాక ఆ వలయం మార్చి నీటి పరీక్ష మళ్లీ చేయించాలి. అలాంటప్పుడు ఆ ఖర్చు మనమే పెట్టుకుంటామని చెప్పి, మనం నమ్మే మెకానిక్ దగ్గర తెరిచాకే డబ్బు చేరేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఏర్పాటుకి కూడా ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఎంత మంచి రేటు వచ్చినా నేనైతే కొనను.

మూత తెరిచినా చిక్కు పూర్తిగా తీరిపోదు. అసలు మెషిన్‌ని నకిలీ కేస్‌లో పెట్టినవి, అసలు కేస్‌కి నకిలీ డయల్, నకిలీ బెజెల్ తగిలించినవి కూడా అమ్ముతుంటారు. అలాంటి వాచీలో 3135 అన్ని పరీక్షలూ నెగ్గుతుంది, ఎందుకంటే అది నిజంగానే 3135. ఫినిషింగ్ చూడటం అక్కడ అక్కరకొస్తుంది. మెషిన్ అసలుదని తేలాక కూడా బెజెల్ అంకెలు, గాజు, వలయం మీది చెక్కుడు విడివిడిగా చూడాలి.

పెద్దాయన మూత బిగించే ముందు నాలుగు ఫోటోలు తీయించారు. రోటర్ మధ్య బేరింగ్ గుళ్లు, వంతెన కింది మీట, మెషిన్ చుట్టూ ఉంగరం, క్లాస్ప్ లోపలి కోత గుర్తులు. రబ్బరు వలయం కొత్తది వేశారు, తిరిగి వెళ్లే వస్తువుకైనా సరే. నాలుగో రోజు వాచీని పార్సిల్ చేస్తూ, ఆ నాలుగు ఫోటోలు, ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం జతచేసి అమ్మినాయనకి పంపాం. ఈసారి ఆయన సర్వీసు మాట ఎత్తలేదు. తొమ్మిది రోజులకి డబ్బు తిరిగి వచ్చింది.